ఎనిమిదో తరగతి, భోజనం తర్వాత పీరియడ్: పాఠం మొదలయ్యేసరికే పది నిమిషాలు పోతున్నాయి. నా ప్లాన్ చూసి చెప్పండి

లెక్కల_టీచర్ (చీమకుర్తి వైపు) | ఆదివారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మొన్నటి డీఎస్సీలో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా వచ్చాను. జిల్లా పరిషత్ హైస్కూల్. నాకు తలనొప్పిగా ఉన్నది ఎనిమిదో తరగతి, అదీ భోజనం తర్వాత వచ్చే పీరియడ్. 44 మంది, అందులో అబ్బాయిలు 29, అమ్మాయిలు 15. క్వారీల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు ఎక్కువ. చెడ్డ పిల్లలేం కాదు. తిట్టుకోవడం, కొట్టుకోవడం లాంటివి లేవు. కానీ బెల్లు కొట్టాక నేను సుద్దముక్క పట్టుకునేసరికి పీరియడ్‌లో పావు వంతు అయిపోతోంది. తర్వాత కూడా గుసగుసలు, పెన్ను ఇవ్వరా అని గోల, "టీచర్, బయటికి" అంటూ ఒకరి తర్వాత ఒకరు.

ఈ వారం సెలవుల్లో కూర్చుని ఒక ప్లాన్ రాసుకున్నాను. పది రూల్స్ చార్టు మీద రాసి గోడకు అంటిస్తాను. మార్కుల ప్రకారం కూర్చోబెడతాను, బాగా చదివేవాళ్ళు ముందు. మాట్లాడేవాళ్ళ పేర్లు లీడర్ బోర్డు మీద రాస్తాడు. పేరు మూడుసార్లు వస్తే పీరియడ్ అంతా నిలబడాలి. ఇది పనిచేస్తుందా? మొదటి ఉద్యోగం, హెచ్.ఎం. గారి ముందు పరువు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

గట్టి_మాస్టర్ (కావలి) | ఆదివారం రాత్రి 9:48

మేడమ్, మీ ప్లాన్ బాగానే ఉంది, కాస్త కారం తగ్గింది అంతే. మొదటి నెల అసలు నవ్వకండి. నేను పదహారేళ్ళుగా అదే చేస్తున్నాను. పేర్లు రాయించండి, రాసిన వాళ్ళతో పది గుంజీలు తీయించండి. ఆరోగ్యానికి కూడా మంచిదే. ఇంకో మాట, ఒకసారి చెప్పిన రూల్ మీరే మర్చిపోతే పిల్లలు రెండో రోజే కనిపెడతారు. ఇవాళ ఒప్పుకుని రేపు తిట్టడం కంటే అసలు రూల్ పెట్టకపోవడం మేలు.

పెన్నా_ఒడ్డు (కోవూరు, రిటైర్డ్ హెచ్.ఎం.) | ఆదివారం రాత్రి 10:15

కావలి మాస్టారు చివర చెప్పిన రెండు వాక్యాలు బంగారం. గుంజీలు మాత్రం మర్చిపోండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆరోగ్యం పేరు పెట్టినా శిక్షగా తీయిస్తే అది శిక్షే. పీరియడ్ అంతా నిలబెట్టడం కూడా ఆ దారిలోదే. చట్టం సంగతి పక్కన పెట్టినా, నిలబడ్డవాడు అందరికంటే ఎత్తుగా కనపడతాడమ్మా. వెనక బెంచీలకు అంతకంటే సినిమా ఏం కావాలి?

ప్లాన్ సంగతి తర్వాత. ముందు ఒక పని చెయ్యి. రేపటి నుంచి మూడు రోజులు ఏమీ మార్చొద్దు. వాచీ చూసుకుని, బెల్లుకీ పాఠానికీ మధ్య ఏ పనికి ఎన్ని నిమిషాలు పోతున్నాయో చిన్న కాగితం మీద రాసుకో. గదిలో బెంచీలు ఎట్టా ఉన్నాయో కూడా కొలతలతో సహా రాసి పెట్టు. పిలకాయలు గోల చేస్తున్నారు అంటే నాకేం తెలియదు. ఎప్పుడు, ఎక్కడ అనేది తెలిస్తే ఏదైనా చెప్పగలను.

రొయ్యల_గుంట (అల్లూరు) | సోమవారం ఉదయం 6:30

మేడమ్ గారూ, సీటింగ్ ప్లాన్ అని రాశారు కదా, మీ బడిలో ఎనిమిదిలో సీట్లు ఉన్నాయా? మా చెల్లెలి కొడుకు అటు వైపే ఉంటాడు. ఇప్పుడు ప్రైవేట్‌లో చదువుతున్నాడు. టీసీ తెచ్చుకుంటే చేర్చుకుంటారా?

సైన్స్_అక్క (ఆత్మకూరు) | సోమవారం ఉదయం 7:05

అన్నా, ఆ సీట్లు కాదు! ఎవరు ఏ బెంచీలో కూర్చోవాలి అని అడుగుతున్నారు. అడ్మిషన్ కోసం బడికే వెళ్ళి అడగండి, కాదనరు.

లెక్కల_టీచర్ | బుధవారం రాత్రి 8:40

మాస్టారూ, మీరు చెప్పినట్టే మూడు రోజులు రాశాను. పీరియడ్ 40 నిమిషాలు. పాఠం మొదలవడానికి సోమవారం 11 నిమిషాలు, మంగళవారం 9, ఇవాళ 12 పట్టింది. ఇవాళ్టిది విడదీస్తే ఇట్టా ఉంది. పళ్ళాలు కడుక్కుని అందరూ వచ్చి కూర్చోవడానికి నాలుగున్నర నిమిషాలు. పేర్లు పిలిచి హాజరు వేయడానికి రెండున్నర. నిన్న దిద్దిన నోట్సులు పంచడానికి మూడు. మిగతా రెండూ "ఏ పేజీ టీచర్", "నీళ్ళు తాగొస్తా టీచర్". చూసుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఇందులో దాదాపు సగం నేను చేసే పనులే. పిల్లలు గోల చేస్తున్నది నేను నోట్సులు పంచుతున్నప్పుడు, వాళ్ళకేం పని లేక.

గది అడ్డంగా 20 అడుగులు, పొడవు 24. ముగ్గురేసి కూర్చునే బెంచీలు 15, ఒక్కోటి నాలుగున్నర అడుగులు. కుడి గోడ వైపు అమ్మాయిల వరస, ఐదు బెంచీలు. ఎడమ వైపు అబ్బాయిల రెండు వరసలు ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి, పది బెంచీలు. మధ్యలో వెడల్పు దారి. చివరి బెంచీలు వెనక గోడకు తగులుతాయి.

పెన్నా_ఒడ్డు | బుధవారం రాత్రి 9:30

ఇదిగో, సగం జబ్బు ఈ బొమ్మలోనే ఉంది. అబ్బాయిల రెండు వరసలు ఆనించి ఉన్నాయంటే, అడ్డంగా చూస్తే ఆరుగురు పక్కపక్కనే. ఎడమ గోడ పక్కన కూర్చున్నవాడి దగ్గరికి నువ్వు పోవాలంటే ఐదుగుర్ని లేపాలి. పోలేవు కాబట్టి దూరం నుంచి అరుస్తావు. వాడికీ ఆ సంగతి తెలుసు. ఆ గోడ వైపు ఐదు బెంచీల దాకా నీ గొంతు పోతుంది గానీ నువ్వు పోలేవు.

లెక్క చూడు, నువ్వు లెక్కల టీచరువేగా. మూడు వరసలకు నాలుగున్నర చొప్పున పదమూడున్నర అడుగులు. గది 20. మిగిలింది ఆరున్నర. బయటి రెండు వరసలను గోడలకు ఆనించి, మధ్య వరసను సరిగ్గా నడుమ పెడితే మూడడుగుల పైన వెడల్పుతో రెండు సందులు వస్తాయి. ఇప్పుడు ప్రతి బెంచీకీ ఒక పక్క నువ్వు నిలబడొచ్చు. గోడ పక్కన పిల్లవాడైనా నీ చేతికి రెండు మూడడుగుల దూరంలోనే ఉంటాడు. బెంచీ, దాని ముందు బల్ల, కూర్చునే జాగా కలిపి మూడడుగులు అనుకుంటే ఐదింటికి 15. బోర్డు ముందు ఆరు వదిలినా వెనక మూడడుగులు మిగలాలి. కాబట్టి బెంచీలు వెనక గోడ నుంచి జరపాల్సిందే. ఒక సందులో పోయి వెనకగా తిరిగి ఇంకో సందులో వచ్చే దారి ఉండాలి. ఎదురుగా వచ్చి వెనక్కి తిరిగి పోవాల్సిన సందులో టీచర్లు నడవరు, నేనే నడవలేదు.

మార్కుల ప్రకారం కూర్చోబెట్టొద్దు. రానివాళ్ళనందర్నీ వెనక ఒకచోట చేర్చితే అక్కడ లెక్క చెప్పుకునే వాడు ఒక్కడూ ఉండడు, కబుర్లు చెప్పుకునేవాళ్ళే ఉంటారు. ముందు బెంచీ ఎవరికివ్వాలంటే చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్ళకి. అది అడిగితే చెప్పరు. బోర్డు మీద చిన్న అంకెలు రాసి, కళ్ళు చిట్లించేది ఎవరో, పక్కవాడి నోట్సులోంచి ఎక్కించుకునేది ఎవరో చూడు. మాటిమాటికీ లేచేవాడు సందు పక్కన. గోడ పక్కన నెమ్మదస్తుడు. విడదీయాల్సిన జోడీలు మూడో నాలుగో ఉంటాయి, అంతే. 44 మందినీ విడదీయాలని చూడొద్దు, విడదీసిన చోట కొత్త జోడీ పుడుతుంది.

పేర్లు రాసిన గది బొమ్మ ఒకటి నీ హాజరు పట్టీలో పెట్టుకో. రేపటి నుంచి పేర్లు పిలవక్కర్లేదు. ఖాళీ ఎక్కడుందో చూస్తే రానిదెవరో తెలుస్తుంది. రెండు నిమిషాలు ఇక్కడే తిరిగొస్తాయి.

బీఎడ్_బ్యాచ్ (ఒంగోలు) | బుధవారం రాత్రి 10:05

సార్, మాకు కాలేజీలో వరసలు పాతకాలం పద్ధతి అని చెప్పారు. పిల్లలు ఎదురెదురుగా గ్రూపుల్లో కూర్చోవాలి, లేదా అర్ధచంద్రాకారంలో. వరసల్లో పెడితే టీచర్ చెప్పడం, పిల్లలు వినడం అంతే జరుగుతుంది కదా?

ఇంకో సంగతి. మీరు చెప్పేది మాకు చెప్పిన జేకబ్ కూనిన్ పరిశోధనకు దగ్గరగా ఉంది. 1970 ప్రాంతంలో అమెరికాలో ఆయన తరగతుల వీడియోలు తీసి చూశాడు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించాడన్న దాన్ని బట్టి మంచి తరగతికీ గోల తరగతికీ తేడా కనపడలేదు. తేడా అంతా అల్లరికి ముందు టీచర్ ఏం చేస్తున్నాడన్న దానిలోనే కనపడింది. గదిలో ఏం జరుగుతోందో తనకు తెలుసునని పిల్లలకు తెలిసేలా ఉండటం, ఒకేసారి రెండు పనుల మీద కన్ను వేయడం, పాఠాన్ని తెగిపోకుండా నడపడం.

పెన్నా_ఒడ్డు | బుధవారం రాత్రి 10:40

ఆయన పేరు నేను వినలేదు గానీ చెప్పింది మాత్రం మా బడిలో చూసిందే. గ్రూపుల సంగతికి వస్తే, నలుగురు కలిసి చేసే పని ఉన్నప్పుడు గ్రూపు మంచిదే. కానీ ఎవరి లెక్క వాళ్ళు చేసుకోవాల్సినప్పుడు ఎదురెదురుగా కూర్చోబెట్టి "మాట్లాడొద్దు" అనడం, ఆకలిగా ఉన్నవాడి ముందు విస్తరి వేసి తినొద్దు అన్నట్టు ఉంటుంది. పైగా ఆ గదిలో 15 బెంచీలు అర్ధచంద్రంగా పడతాయా నాయనా? గ్రూపు కావాలంటే ఒకటి, మూడు బెంచీల వాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటే ఆరుగురి జట్టు తయారు. బల్ల కదిలించక్కర్లేదు.

ఒక్కడే_టీచర్ (ఉదయగిరి వైపు) | గురువారం ఉదయం 5:50

మీ అందరి సమస్యలు చూస్తే నాకు అసూయగా ఉంది. నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా 23 మంది, ఒకే గది. నాకు పీరియడ్ అంటూ లేదు, బెల్లు నేనే. ఒకటి, రెండు వాళ్ళకి చెప్తుంటే మూడు, నాలుగు, ఐదు వాళ్ళకి పని అయిపోతుంది, అక్కడ మొదలవుతుంది గోల. ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి నేను మారే ప్రతిసారీ ఐదు నిమిషాలు పోతాయి, రోజుకి పదిసార్లు మారతాను. నేను చేసిందేమిటంటే, గోడ మీద నాలుగు రంగు గీతలు గీశాను. ఏ గీత కింద బోర్డు పని రాసి ఉంటే ఆ తరగతి వాళ్ళు నన్ను పిలవకూడదు, పక్కవాడిని అడగాలి. ఐదో తరగతి పిల్ల ఒకతి ఒకటో తరగతి వాళ్ళ పలకలు చూస్తుంది. ఇది హైస్కూల్‌కి పనికొస్తుందో లేదో తెలియదు. నా గోడు చెప్పుకోవాలనిపించి రాశాను.

సైన్స్_అక్క (ఆత్మకూరు) | గురువారం ఉదయం 6:45

బ్రదర్, మీ గోడు కాదు, అది ఈ ప్రశ్నకు సగం జవాబు. పిల్లలకి పని బోర్డు మీద ముందే ఉండాలి, టీచర్ కోసం ఎదురుచూడకూడదు. మా బడిలో మేమూ అదే చేస్తాం, రంగు గీతలు తప్ప.

పెన్నా_ఒడ్డు | గురువారం రాత్రి 9:00

ఉదయగిరి మాస్టారు మాట పట్టుకునే చెప్తాను. లెక్కల టీచరమ్మా, బెల్లుకి రెండు నిమిషాల ముందు వెళ్ళి బోర్డుకి ఎడమ పక్కన రెండడుగుల మేర గీత గీసి మూడు లెక్కలు రాయి. మొదటిది నిన్నటి పాఠంలోది, అందరికీ వచ్చేది. రెండోది కిందటి నెలది. మూడోది కాస్త బుర్ర పెట్టాల్సింది, ముందే ముగించే వాళ్ళ కోసం. కొత్త పాఠంలోది ఒక్కటీ రాయొద్దు. రాని లెక్క ఎదురుగా ఉంటే పిల్లవాడు ఏం చేస్తాడు? పక్కవాడితో మాట్లాడతాడు, అది వాడి తప్పు కాదు.

తర్వాత గడప మీద నిలబడు. ఒక కన్ను వరండా మీద, ఒక కన్ను లోపల. అందరూ వచ్చేదాకా ఎవర్నీ ఆపొద్దు. వచ్చినవాడు వచ్చినట్టు పళ్ళెం సంచిలో పెట్టి, రఫ్ నోటు తీసి మొదటి లెక్క మొదలెట్టాలి. ఆలస్యంగా వచ్చినవాణ్ణి అక్కడ నిలబెట్టి ఎందుకని అడగొద్దు, వాడి కథ విందామని 43 మంది పెన్నులు కింద పెడతారు. పీరియడ్ అయ్యాక అడుగు. నోట్సులు బెంచీ వరస ప్రకారం తీసుకుంటే అదే వరసలో దొంతర్లుగా ఉంటాయి. వరసకొకడు ముందు బెంచీ నుంచి వెనక్కి పంపిస్తాడు, అర నిమిషం చాలు.

ఇది చెప్తే రాదు, చేయించాలి. మొదటి రోజు లెక్కలు ఆపి, అందర్నీ వరండాలోకి పంపి మళ్ళీ రమ్మను. బాగోకపోతే తిట్టకుండా ఇంకోసారి. రెండో రోజు ఒకసారి. మొదటి రోజు ఇంకా ఎక్కువ టైమ్ పోతుంది, కంగారు పడొద్దు. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి రోజు మళ్ళీ ఇదే చేయాలి. ఆ సంగతి ప్రతి సంవత్సరం మర్చిపోయి ప్రతి సంవత్సరం తిట్టుకున్నవాణ్ణి నేను.

పాఠం చెప్పడం ఆపి పిలకాయల చేత లెక్కలు చేయించేటప్పుడు ఇంకో గండం ఉంది. "పుస్తకాలు తీయండి" అంటాం, వాళ్ళు తీస్తుంటే "ఆ, నాలుగో లెక్క" అంటాం, అది ఎవరికీ వినపడదు, "ఏ పేజీ టీచర్" అని పదిమంది. ఏదీ కదలకముందే అంతా చెప్పేయాలి. చేతులు బల్ల మీద ఉన్నప్పుడే, పేజీ, లెక్కల నెంబర్లు, ఎంతసేపు అనేది. బోర్డు మీద కూడా అంతే రాయాలి. అప్పుడు "మొదలెట్టండి". ఆ మాట అన్నాక ముప్పై సెకన్లు నువ్వు ఉన్నచోటే ఉండు, ఎడమ బెంచీ నుంచి కుడి బెంచీ దాకా ఒకసారి చూడు. మొదట "టీచర్!" అన్నవాడి దగ్గరికి పరిగెత్తావంటే మిగతా వాళ్ళకి నీ వీపు కనపడుతుంది. గోల ఆ ముప్పై సెకన్లలోనే మొలకెత్తుతుంది.

సైన్స్_అక్క (ఆత్మకూరు) | గురువారం రాత్రి 9:50

చిన్న చిన్న అల్లరి గురించి నేను చెప్తాను, నా ఏడో తరగతిలో నిన్న జరిగిందే. ఒకడు జామెట్రీ బాక్స్ మూత టక్ టక్‌మని తీస్తున్నాడు, వేస్తున్నాడు. నేను కిరణజన్య సంయోగక్రియ చెప్తూనే, ఆపకుండా, నడుచుకుంటూ వాడి పక్కకి వెళ్ళి క్లాసు వైపు తిరిగి నిలబడ్డాను. వాడి వైపు చూడలేదు. వేలితో వాడి నోట్సు మీద, ఎక్కడ రాయాలో అక్కడ చిన్నగా తట్టాను. తర్వాత వెంటనే ముందుకు వెళ్ళిపోయాను. వెళ్ళిపోవడమే అసలు సంగతి. అక్కడే నిలబడి వాడు ఆపేదాకా చూస్తే, స్నేహితుల ముందు ఎవరు గెలుస్తారనే పోటీ అయిపోతుంది, ఆ వయసులో వాడు ఓడిపోవడానికి ఒప్పుకోడు.

దానికీ ఆగకపోతే చెవి దగ్గర, పక్కవాడికి కూడా వినపడకుండా, "ఈ బొమ్మ ఇప్పుడు గీస్తావా, ఇంటర్వెల్‌లో నా దగ్గర గీస్తావా?" అని అడిగి జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోతాను. ఇంటర్వెల్ అన్నానంటే ఆ రోజు తప్పకుండా గీయిస్తాను, రెండు నిమిషాలే. మధ్యలో క్లాసంతా ఆపి "ఏయ్ నువ్వు" అనాల్సిన అవసరం నెలకి ఒకటి రెండుసార్లు వస్తుంది. పిల్లలు కిటికీ బయటకి ఒక నిమిషం చూస్తే, పెన్ను తిప్పితే, నేను చూడనట్టే ఉంటాను. అన్నిటికీ స్పందిస్తే పాఠం చెప్పేదెప్పుడు?

కానీ కులం పేరుతో తిట్టడం, ఒకర్ని అందరూ కలిసి ఏడిపించడం, చెయ్యి చేసుకోవడం చిన్న అల్లరి కాదు. అక్కడ ఈ మెత్తని పద్ధతులు పనికిరావు. పాఠం ఆపాలి, హెచ్.ఎం.కి చెప్పాలి.

బయటికి వెళ్ళేదానికి చెక్క ముక్క ఒకటి పెట్టాను, అది తలుపు దగ్గర మేకుకి ఉంటేనే వెళ్ళొచ్చు. ఒకసారికి ఒక్కరే. మొదటి పది నిమిషాలు ఎవరూ వెళ్ళకూడదన్నది రూల్, కానీ అమ్మాయిల్ని నేను ప్రశ్న అడగను. వాటర్ బెల్ కొట్టే బళ్ళల్లో నీళ్ళ గోల ఎటూ తగ్గుతుంది.

గట్టి_మాస్టర్ (కావలి) | గురువారం రాత్రి 10:20

ఇంత మెత్తగా ఉంటే హైస్కూల్ పిల్లలు నెత్తినెక్కుతారని నా అభిప్రాయం. సరే, గుంజీలు వద్దన్నారు, ఒప్పుకున్నా. పేర్లు రాయడంలో తప్పేముంది? మా చిన్నప్పుడు కూడా రాసేవాళ్ళు.

పెన్నా_ఒడ్డు | గురువారం రాత్రి 10:45

రాసేవాళ్ళు మాస్టారూ. నేను లీడర్‌గా ఉన్నప్పుడు నా స్నేహితుడి పేరు ఎప్పుడూ రాయలేదు, నాకు జామకాయ ఇవ్వనివాడి పేరు రోజూ రాశాను. అదే తప్పు.

లెక్కల_టీచర్ | రెండు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:10

అందరికీ ధన్యవాదాలు. ఏం జరిగిందో చెప్తాను, బాగున్నదీ బాగోలేనిదీ.

మొదటి శనివారం మధ్యాహ్నం ఇద్దరు పిల్లల సాయంతో బెంచీలు జరిపాం. పది రూల్స్ చార్టు అంటించలేదు. సోమవారం వరండాలోంచి రెండుసార్లు రప్పించాను, ఆ రోజు 14 నిమిషాలు పోయాయి. పక్క క్లాసు సార్ "ఏంటి మేడమ్, డ్రిల్ పీరియడా" అన్నారు. సిగ్గేసింది. బుధవారానికి 6, రెండో వారంలో మామూలుగా 4 నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ వాళ్ళు లెక్క చేస్తూనే ఉన్నారు కాబట్టి పోయాయని అనలేను.

ఒక రోజు పూర్తిగా విఫలమైంది. గ్యాస్ అయిపోయి వంట ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. సగం మంది తినొచ్చారు, సగం ఇంకా వరసలో ఉన్నారు. ముందొచ్చినవాళ్ళు మూడు లెక్కలూ చేసేసి ఖాళీ అయ్యారు. నేను పాఠం మొదలెడదామా వద్దా అని అటూ ఇటూ ఊగాను, అంతే, సంత అయిపోయింది. అలాంటి రోజుకి ఏం చేయాలో ఇప్పటికీ తెలియదు.

అన్నిటికంటే నాకు ఉపయోగపడింది మాత్రం మాస్టారు చెప్పిన ఆ చిన్న కాగితం. బెంచీలు జరిపాక కూడా మూడో బెంచీలో ఒకడు వెనక్కి తిరుగుతూనే ఉన్నాడు. సైన్స్ అక్క చెప్పినట్టు పక్కన నిలబడ్డాను, తట్టాను, లాభం లేదు. ఒక రోజు వాడు తిరిగిన ప్రతిసారీ గీత గీశాను. తొమ్మిది గీతలు. అందులో నాలుగు పెన్ను అడగడానికే. వాడి దగ్గర పెన్ను లేదు. వెనకవాడు తన లెక్క ఆపి వీడికి ఇస్తాడు, మళ్ళీ తనకి కావాలని అడుగుతాడు, ఇలా ఒకే పెన్నుతో ఇద్దరు. నేను ఇన్ని రోజులూ దాన్ని కబుర్లు అనుకున్నాను. ఆరు పెన్నులు కొని, ఎర్ర దారం కట్టి డబ్బాలో పెట్టి నా బల్ల మీద పెట్టాను. అడగక్కర్లేదు, తీసుకుని చివర్లో పెట్టేయాలి. మర్నాడు వాడు తిరిగింది మూడుసార్లు. కానీ వారంలో రెండు పెన్నులు మాయమయ్యాయి.

రొయ్యల_గుంట (అల్లూరు) | శనివారం రాత్రి 7:30

పెన్ను తీసుకునేవాడు ఒక చెప్పు మీ దగ్గర తాకట్టు పెట్టాలి అని పెట్టండి మేడమ్. ఒంటి చెప్పుతో ఇంటికి ఎవడు పోతాడు?

సైన్స్_అక్క (ఆత్మకూరు) | శనివారం రాత్రి 7:55

అన్నా, చెప్పులు లేకుండా వచ్చే పిల్లలు కూడా ఉంటారు. పెన్ను లేనివాడు ఎవరో అందరికీ తెలిసేలా చేయొద్దు. మూతలు మీ దగ్గర పెట్టుకుని మూత లేని పెన్నులే డబ్బాలో వేయండి. జేబులో పెట్టుకుంటే చొక్కాకి ఇంకు మరక అవుతుంది కాబట్టి వాళ్ళే వెనక్కి పెడతారు.

గట్టి_మాస్టర్ (కావలి) | శనివారం రాత్రి 8:20

మరక వేసుకుని ఇంటికెళ్ళి తన్నులు తినేవాడు కూడా ఉంటాడు మేడమ్. ఏమో, ప్రయత్నించి చూడండి. నేను కూడా మా తొమ్మిదో తరగతిలో బెల్లుకి ముందే లెక్కలు రాసి చూశాను. పనిచేసింది. నవ్వడం మాత్రం ఇంకా మొదలెట్టలేదు.

బీఎడ్_బ్యాచ్ (ఒంగోలు) | శనివారం రాత్రి 8:45

మేడమ్, అబ్బాయిలు, అమ్మాయిలు విడి వరసల్లోనే ఉన్నారా ఇంకా? కలిపి కూర్చోబెడితే గోల సగం తగ్గుతుందని మా లెక్చరర్ అన్నారు.

లెక్కల_టీచర్ | శనివారం రాత్రి 9:05

ఒకే బెంచీలో కలపలేదు. తల్లిదండ్రులు ఒప్పుకోరని హెచ్.ఎం. గారు అన్నారు. కానీ బెంచీలు మార్చాను, అమ్మాయిల బెంచీ వెనక అబ్బాయిల బెంచీ, మూడు వరసల్లోనూ. రెండు రోజులు బాగుంది. మూడో రోజు వెనక బెంచీ నుంచి జడలు లాగుతున్నారని ఇద్దరు అమ్మాయిలు వచ్చి చెప్పారు. ఆ రెండు బెంచీలు మాత్రం మళ్ళీ పాత చోటికి పంపాను.

పెన్నా_ఒడ్డు | శనివారం రాత్రి 9:40

కలపడం వల్ల గోల తగ్గడం నేను చూశాను, పెరగడమూ చూశాను. ఊరిని బట్టి, ఆ సంవత్సరం పిలకాయల్ని బట్టి ఉంటుంది. దీని మీద నాకు ఒక్క మాట లేదు. జడలు లాగినవాళ్ళతో మాత్రం విడిగా మాట్లాడు, అది చిన్నదని వదలొద్దు. ఆ అమ్మాయిలు వచ్చి నీకు చెప్పగలిగారు, ఆ ధైర్యం పోకూడదు.

వంట ఆలస్యమైన రోజుకి నేను చేసేది చెప్తాను. కొత్త పాఠం ఎత్తను. దిద్దిన పరీక్ష పేపర్ల కట్ట ఒకటి బీరువాలో అట్టే పెట్టుకునేవాణ్ణి. ముందొచ్చినవాళ్ళకి తమ పేపర్ ఇచ్చి, తప్పు చేసిన లెక్క పక్కనే మళ్ళీ చేయమనేవాణ్ణి. తప్పులు ఎవరివి వాళ్ళకే, ఎవరూ ముందుగా అయిపోరు.

మూత లేని పెన్నుల సంగతి రెండు వారాలు చూసి చెప్పు. ఆరులో ఎన్ని మిగిలాయో రాయి.

లెక్కల_టీచర్ | శనివారం రాత్రి 9:52

అట్టాగే మాస్టారూ. ప్రస్తుతానికి నాలుగు.